ఆగవలసిన చోటు

గాజువాక ఆటోనగర్లో ఉక్కు పని చేసే యార్డుల్లో గంగాధరరావు పేరు చెబితే ముందు ఒక నవ్వు వినిపిస్తుంది. "ఎవరు, సుద్దముక్క గంగాధరమేనా?" అంటారు. ఇంట్లో కళ్లజోడు మరిచిపోయి వస్తాడేమో గాని జేబులో సుద్దముక్క లేకుండా గేటు దాటడు. వెల్డింగు మొదలయ్యే ముందు అతుకు పక్కన 'ఆగు' అని రాస్తాడు. తనిఖీ అయి కాగితం మీద సంతకం పడ్డాక తన అరచేత్తోనే చెరిపేస్తాడు. కొత్తగా వచ్చిన కుర్ర ఇంజనీర్లకి అదొక చాదస్తం. ఎప్పుడు మొదలైందండీ ఈ అలవాటు అని అడిగితే అతను మాట మార్చేస్తాడు.

అది 2001 వానాకాలంలో మొదలైంది.

గంగాధరరావుది ఆత్రేయపురం దగ్గర చిన్న ఊరు. కాకినాడలో డిప్లొమా చదివి, ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో ఓ కాంట్రాక్టరు దగ్గర చేరడానికి విశాఖపట్నం వచ్చాడు. కట్టడం అయిపోయాక చాలామంది తిరిగి వెళ్లిపోయారు. అతను మాత్రం యార్డుల్లో నాణ్యత చూసే ఉద్యోగంలో కుదురుకున్నాడు. మాట తక్కువ, రాత ముత్యాల కోవ. అతను రాసిన రిపోర్టు చూస్తే పని సగం పాసైనట్టే అని జనం అనేవాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా లోపల్లోపల పొంగిపోయేవాడు.

అతనికి ఆ యార్డులో దగ్గరివాడు వెల్డరు పైడయ్య. గంగవరం వైపు సముద్రపు ఒడ్డు మనిషి. అన్నదమ్ములు పడవ మీద పోతే తను మాత్రం వెల్డింగు నేర్చుకుని ఇటు వచ్చేశాడు. ఎనిమిదేళ్లుగా గంగాధరరావుని 'బావా' అని పిలిచేవాడు. చుట్టరికం లేనివాడి నోట ఈ పిలుపు మొదట్లో గంగాధరరావుకి కొత్తగా ఉండేది. తర్వాత వినబడకపోతే ఏదో వెలితిగా ఉండేది.

ఆ ఏడు యార్డుకి ఒక పెద్ద షెడ్డు పని వచ్చింది. పైన క్రేను పరుగెత్తే దూలాలు. ఒక్కొక్క దూలం కింది అంచు మందపాటి ప్లేటు, రెండు ముక్కలు కలిపి అతికించాలి. బరువు ఊగినప్పుడు సాగదీసే లాగుడంతా ఆ అతుకు మీదే పడుతుంది. అందుకని ఆ పని చేయించుకునేవాళ్లు బయటి నుంచి ఒక తనిఖీ అధికారిని పెట్టారు. పేరు శ్రీరామ్మూర్తి. సన్నగా, గొంతు ఎత్తకుండా మాట్లాడే మనిషి.

ఇలాంటి పనికి ముందుగా ఒక తనిఖీ పట్టిక రాసుకుంటారు. ప్లేటు రావడం దగ్గర్నుంచి చివరి ఎక్స్‌రే దాకా ఒక్కో దశకి ఒక్కో వరుస. వరుస చివర ఒక ఇంగ్లీషు అక్షరం. 'డబ్ల్యూ', అంటే విట్నెస్ పాయింటు, ఉంటే అధికారికి ముందురోజు కబురు పెట్టాలి. చెప్పిన వేళకి ఆయన వస్తే చూస్తాడు, రాకపోతే మనం పరీక్ష చేసి రాసుకుని ముందుకు పోవచ్చు. 'హెచ్', అంటే హోల్డు పాయింటు, ఉంటే అలా కాదు. ఆయన వచ్చి, చూసి, సంతకం పెట్టేదాకా పని అక్కడే నిలిచిపోవాలి. ఒక రోజైనా సరే, వారమైనా సరే.

అతుకు ఒకవైపు వెల్డు వేశాక ప్లేటు తిరగేసి, రెండోవైపు నుంచి అడుగుదాకా చెక్కుతారు. మొదటివైపు లోహం గట్టిగా కలిసిందో లేదో అప్పుడే కనబడుతుంది. రెండోవైపు వెల్డు పడ్డాక ఆ చోటు మూతపడినట్టే. అంతకు ముందు చేసిన పోర్టు గోడౌను పనిలో ఈ దశకి 'డబ్ల్యూ' ఉండేది, కంటితో చూస్తే చాలు. ఈ కొత్త పట్టికలో 'హెచ్'. పైగా చెక్కిన చోట ఎర్ర మందు పూసి తుడిచి, తెల్ల పొడి కొట్టి, పగుళ్లేమైనా ఎర్రగా పైకి తేలతాయేమో ఆయన ఎదురుగా చూడాలి.

పట్టిక గంగాధరరావు టేబులు మీద ఫైల్లోనే ఉంది. ముత్యాల రాతతో శుభ్రంగా నకలు తీసింది కూడా అతనే.

సోమవారం పది గంటలకి రమ్మని శ్రీరామ్మూర్తికి కబురు పెట్టారు. పొద్దున్నించీ ఒకటే ముసురు. పదకొండైంది. పైడయ్య చెక్కడం ముగించి, సానపట్టి, అద్దంలా చేసి కూర్చున్నాడు. ఫిట్టర్లు గోళ్లు గిల్లుకుంటున్నారు. షాపు ఇన్‌ఛార్జి సన్యాసిరాజు గొడుగు ఊపుకుంటూ వచ్చాడు.

"ఏటి గంగాధరంగారూ, పెళ్లికొడుకు రాకపోతే లగ్నం తప్పిపోదా? మధ్యాహ్నం క్రేను వేరే పనికెళ్లిపోద్ది."

"కబురు పెట్టామండి. వస్తారు."

"మొన్న గోడౌనుకి కూడా ఇలాగే రాలేదు. మీరే రాసీసి కానిచ్చీలేదా?"

కానిచ్చాడు. నిజమే. ఆ పనిలో అలా ఎన్నిసార్లు కానిచ్చాడో. గంగాధరరావు టార్చి వేసి వంగి చూశాడు. లోహం మెరుస్తోంది. ఎక్కడా మచ్చ లేదు.

"ఎయ్యీమంటావేటి బావా?" అన్నాడు పైడయ్య, ముసుగు నుదుటి మీదికి ఎత్తి.

ఫైలు ఇరవై అడుగుల దూరంలో ఉంది. బయట వాన. "వేసెయ్," అన్నాడు గంగాధరరావు.

మర్నాడు పొద్దున్న శ్రీరామ్మూర్తి వచ్చాడు. వానకి దారిలో బస్సు ఆగిపోయిందని, ఫోను కలవలేదని చెప్పి, "చెక్కిన అతుకు చూపించండి" అన్నాడు. ప్లేటు దగ్గరికి వెళ్లాక ఆయన అడుగు ఆగింది. అతుకు రెండోవైపు కూడా నిండుగా, చేప పొలుసుల్లా వరుస తీరి ఉంది.

"ఇది హోల్డు పాయింటు కదండీ," అన్నాడు నెమ్మదిగా. ఫైలు తీసి పట్టిక తిప్పాడు. గంగాధరరావుకి తన రాతలోనే, తన నల్ల సిరాతోనే, ఆ అక్షరం కనబడింది.

"ఎక్స్‌రే ఎలాగూ తీస్తాం కదండి, లోపముంటే అందులో తెలిసిపోద్ది," అన్నాడు సన్యాసిరాజు.

"ఒరిగి ఉన్న సన్న పగులు ఎక్స్‌రేలో తప్పించుకోవచ్చు. అందుకే ఇక్కడ ఆగమన్నాం." ఆయన పైడయ్య వైపు తిరిగాడు. "ఎవరు వెయ్యమన్నారు నిన్ను?"

పైడయ్య గంగాధరరావు వైపు చూశాడు. రెప్పపాటు కాలమే. ఆ చూపులో నిష్ఠూరం లేదు, బెదురూ లేదు. నువ్వు సెప్తావు కదా బావా, అన్నట్టుంది.

గంగాధరరావు ఫైలులోకి చూశాడు.

"ఎవులూ సెప్పలేదు సార్," అన్నాడు పైడయ్య. "నానే ఏసీసినాను."

శ్రీరామ్మూర్తి అతని వెల్డరు కార్డు అడిగి తీసుకున్నాడు. ఫోటో, ముద్ర నంబరు ఉన్న ఆ కార్డు లేకపోతే ఆ పనిలో చెయ్యి పెట్టడానికి లేదు. పదిమంది ఎదుట పైడయ్య చేతి తొడుగులు విప్పి, మడిచి, డబ్బాలో పెట్టుకుని గేటు వైపు నడిచాడు. మధ్యాహ్నం గంగాధరరావు జరిగిన తప్పు మీద రిపోర్టు రాశాడు. 'కారణం' అన్న గడిలో 'వెల్డరు అనుమతి లేకుండా పని కొనసాగించాడు' అని రాసి కింద సంతకం పెట్టాడు. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా, అందంగా వచ్చాయి.

ఇంట్లో భార్య వెంకటరమణకి ఏమీ చెప్పలేదు. అన్నం కెలికి లేచిపోతుంటే ఒంట్లో బాగోలేదేమో అనుకుందావిడ. బుధవారమంతా యార్డులో ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. ఫిట్టర్లు అతను వస్తుంటే మాటలు ఆపేవాళ్లు, అంతే. అదే ఎక్కువ.

గురువారం సాయంత్రం పైడయ్య భార్య నూకాలు చేపల గంపతో గంగాధరరావు వాళ్ల వీధిలోకి వచ్చింది. వారానికోసారి రావడం ఆమెకి మామూలే.

"ఇదిగో అమ్మా, వంజరం. బాబుగారికిష్టమని ఈ ముక్క పక్కనెట్టినాను."

గుమ్మంలో నిలబడ్డ గంగాధరరావుని చూసి నవ్వింది. "బాబూ, యార్డు మూసీసినారేటి? మా ఆయన మూడ్రోజుల కాడ్నించి ఇంటికాడే ఉన్నాడు. అడిగితే వానకి పనాపీసినారంతన్నాడు. వలలు బాగుసేసుకుంతన్నాడు, సేతకాని సేతుల్తో. నవ్వొస్తంది నాకు."

పెళ్లానికి కూడా చెప్పలేదన్నమాట.

వెంకటరమణ చేప ముక్క పళ్లెంలో తెచ్చి చూపించింది. "చూశారా, ఎంత తాజాగా ఉందో." అతను వంటింటి గోడకి ఆనుకుని అలాగే కిందికి కూర్చుండిపోయాడు. "నేను వెయ్యమన్నాను, రమణా," అన్నాడు. ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అంతా చెప్పాడు. ఆవిడ పళ్లెం కింద పెట్టి, "అయితే ఈ చేప మనమెలా వండుకుంటామండీ?" అంది.

శుక్రవారం శ్రీరామ్మూర్తి వచ్చేసరికి గంగాధరరావు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. కొత్త రిపోర్టు చేతికిచ్చాడు. 'కారణం' గడిలో ఒకే వాక్యం: 'హోల్డు పాయింటుని పట్టిక చూడకుండా విట్నెస్ పాయింటుగా భావించి వెల్డరుకి నేనే అనుమతి ఇచ్చాను.'

ఆయన రెండుసార్లు చదివాడు. "మంగళవారం మీరు నా పక్కనే ఉన్నారు."

"ఉన్నానండి."

"తప్పు అందరూ చేస్తారు. దాన్ని వెల్డరు మీద రాశారు చూడండి, అదండీ..." తిట్టినా బాగుండునని గంగాధరరావుకి అనిపించింది. శ్రీరామ్మూర్తి ఆఫీసులోకి వెళ్లి, మూడు నెలలు గంగాధరరావు సంతకం ఆ పనిలో చెల్లదని రాసి, పైడయ్య కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. "మీరే వెళ్లి ఇవ్వండి. ఆ అతుకు మళ్లీ చెక్కించి, నా ఎదురుగా చూడాలి."

గంగవరం ఒడ్డున పైడయ్య ఇసుకలో వల పరుచుకుని కూర్చున్నాడు. గంగాధరరావు కార్డు ఇచ్చాడు. "అంతా చెప్పేశాను పైడయ్యా. నువ్వు ఆ రోజే నా పేరు చెప్పాల్సింది."

పైడయ్య కార్డు మీది ఇసుక దులిపి చూసుకున్నాడు. "నాను సెప్తే నాను సెప్పినట్టుంటది. నువ్వు సెప్తావని సూసినాను." వల చుట్ట చుట్టాడు. "మూడ్రోజులు సూసినాను."

శనివారం అతుకు మళ్లీ చెక్కారు. శుభ్రం చేసి, ఎర్ర మందు పూసి, ఆగి, తుడిచి, తెల్ల పొడి కొట్టారు. అందరూ వంగి చూస్తున్నారు. కాసేపటికి తెల్లదనం మధ్య గోరంత పొడవున ఒక ఎర్రగీత మెల్లగా తేలింది. సోమవారం గంగాధరరావు టార్చి వేసి మెరుస్తోందనుకున్న చోటే. అతని కళ్లకి అందనిది అక్కడ మొదట్నించీ ఉంది.

పైడయ్య ఆ గీత పోయేదాకా సానపట్టాడు. మళ్లీ మందు, మళ్లీ పొడి. ఈసారి తెల్లగా మిగిలింది. శ్రీరామ్మూర్తి సంతకం పెట్టి అవతలి ప్లేటు దగ్గరికి వెళ్లిపోయాడు. గంగాధరరావు అక్కడే, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. ముందురోజు రాత్రి అతుకు పక్కన తను సుద్దతో రాసిన 'ఆగు' ఇంకా అలాగే ఉంది. వంగి అరచేత్తో చెరిపాడు.

పైడయ్య ముసుగు చేతిలోకి తీసుకున్నాడు.

"ఎయ్యొచ్చా సార్?"

శ్రీరామ్మూర్తి వెనక్కి వచ్చాడేమోనని గంగాధరరావు తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

"వెయ్యొచ్చు," అన్నాడు.