అర్జెంటు అని రాయనన్న వినోద

సుల్తానాబాద్‌లో నెట్ సెంటర్ నడిపే వినోదకు ఈ పన్నెండేళ్లలో ఒళ్లు మండించిన మాట ఒక్కటే, అర్జెంటు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు మెయిలు పెట్టించే ప్రతి మనిషికీ సబ్జెక్టులో ఆ మాట ఉండి తీరాలి.

ఆ బుధవారం లస్మవ్వ వచ్చి కూర్చుంది. చనిపోయిన భర్త పేరు మీదున్న కరెంటు మీటరు ఆమె పేరుకు మారాలంటే, దుబాయిలో ఉన్న కొడుకు అరుణ్ తనకు అభ్యంతరం లేదని సంతకం చేసి పంపాలి. శుక్రవారం ఆఖరు. సోమవారమే వినోద ఫారం పంపింది గానీ, తొందరలో సబ్జెక్టులో "ఫారం" అని మాత్రం కొట్టింది. కంపెనీ ఫారాలతో విసిగినవాడు అదెందుకు తెరుస్తాడు? తప్పు తనదే కాబట్టి చిరాకు రెట్టింపైంది.

"సబ్జెక్టుల 'అవ్వ, అర్జెంటు' అని రాయి బిడ్డా. ఉరికొచ్చి తెరుస్తడు," అంది లస్మవ్వ.

"నిరుడు గట్లనే రాపిస్తివి. రేషన్ కార్డుకు ఫోటో అడిగితే, పెట్టె సదురుకొని వచ్చిండు."

ఈ ఊళ్లలో, దూరాన ఉన్నవాడికి చావు కబురు సూటిగా చెప్పరు. పానం జర బాగలేదు, జల్ది రా అంటారు. తండ్రి పోయినప్పుడు అరుణ్‌కు అందిన కబురూ అదే. అందుకే నిరుడు 'అవ్వ, అర్జెంటు' అన్న రెండు మాటలు చూసి అమ్మ కూడా పోయిందనుకుని బయల్దేరాడు, వాడి సెలవంతా బూడిదలో పోసిన పన్నీరైంది. ఈసారి మధ్యలో వస్తే పనిలోంచి తీసేస్తామని మేనేజరు ముందే చెప్పాడు.

"అయితే అవ్వ మంచిగున్నది అని రాయి."

"అది ఇంకా అన్యాలం. పోయినంక సుత గట్లనే అంటరు గదా."

భర్త పోయినప్పుడు, కొడుకు తిరిగి ఫోను చేస్తే మంచిగనే ఉన్నడని చెప్పించింది లస్మవ్వే.

వినోద కొట్టి, చెరిపి, మళ్లీ కొట్టింది. "కరెంటు మీటరు పేరు మార్పు: సంతకం చేసి గురువారం లోపు పంపు." ఫోనులో ముందు మాటలే కనబడతాయి కనుక పని పేరు ముందు పెట్టింది. లోపల మొదటి వాక్యం, "అవ్వ నా పక్కనే కూసొని నన్ను తిడుతున్నది."

"మీటరు అంటే ఎవడు తెరుస్తడు," అని గొణుక్కుంటూ లస్మవ్వ వెళ్లిపోయింది.

గురువారం పొద్దున అరుణ్ నుంచి కొత్త మెయిలు వచ్చింది. సబ్జెక్టు, "అవ్వ, అర్జెంటు." వినోద చాయ్ గ్లాసు పక్కన పెట్టేసింది. ఎవరో ఏదో చెప్పారు, వీడు టికెట్ కొనేశాడు అనుకుని వెంటనే తెరిచింది. సంతకం చేసిన ఫారం ఉంది. కింద ఒక ముక్క.

"అక్కా, మీటరు అని కనబడంగనే తెరిచిన. గీ కాగితం అవ్వకు జల్ది ఇయ్యి. అర్జెంటు అని పెట్టకుంటే నువ్వు చూడవని పెట్టిన."

ప్రింటు అందుకున్న లస్మవ్వ ఆ సబ్జెక్టు చదివించుకుని గెలిచినట్టు నవ్వింది.

"చూసినవా, నా కొడుక్కున్న తెలివి నీకు లేదు."