బర్మింగ్‌హామ్‌లో పిడికెడు బియ్యం

మెట్‌పల్లిలో మా చర్చి ఆడవాళ్లకు ఒక అలవాటుంది. అన్నానికి బియ్యం తీసిన ప్రతిసారీ, కడగకముందే అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో పోస్తారు. ఆదివారం నాడు ఆ బియ్యాన్ని గుడ్డలో మూటకట్టి చర్చికి తెస్తారు. ఆరాధన అయ్యాక అక్కడే అమ్మేస్తారు. కావలసినవాళ్లు కొనుక్కుంటారు, పైసలు చర్చికి పోతాయి. కోత పండుగకైతే గుమ్మడికాయలు, కోళ్లు కూడా వేలానికి వస్తాయి. మా అవ్వ, అంటే మా అమ్మ, ఈ లెక్క ఎన్నడూ తప్పలేదు. ఇంట్లో గంజి తాగిన రోజున కూడా డబ్బాలో పిడికెడు పడాల్సిందే.

మా నాన్న, మేం బాపు అంటాం, మిషన్ ఆస్పత్రిలో నర్సు. ఇంగ్లండు ఆస్పత్రుల్లో నర్సులు కావాలని కబురు వస్తే దరఖాస్తు పెట్టి ముందుగా ఆయన వెళ్లాడు, ఏడాది తర్వాత అవ్వనూ నన్నూ తమ్ముణ్ణీ పిలిపించుకున్నాడు. పెట్టెలు సర్దుతున్నప్పుడు అవ్వ చీరల మధ్య ఆ డబ్బాను పెట్టింది.

"గదెందుకే, అక్కడ బియ్యం దొరుకుతయో లేదో తెల్వది," అన్నాను.

"చర్చి అయ్యగారిని అడిగిన. అక్కడ కూడ చర్చిలున్నయన్నడు. మనకు దేవుణ్ణి తెచ్చిందే గాళ్లు," అంది అవ్వ. మాకు దేవుణ్ణి తెచ్చినవాళ్లకు పిడికెడు బియ్యం సంగతి తెలియకుండా ఉంటుందని ఆమెకు తోచలేదు. నిజానికి నాకూ తోచలేదు.

బర్మింగ్‌హామ్‌లో బియ్యం దొరికాయి. మా వీధి చివరి షాపులో చిన్న కాగితం పొట్లాల్లో, చక్కెర పక్కన. గుండ్రంగా, పొట్టిగా ఉన్నాయి. అవ్వ వండితే గిన్నెలో జిగురు తయారైంది. గరిటె నిలబెడితే నిలబడింది.

"గిది అన్నమా, గోడలకు కాగితాలంటించేటిదా?" అంది అవ్వ.

ఆ బియ్యం పాలలో ఉడికించి చక్కెర వేసి తినడానికని పొట్లం మీదే రాసి ఉంది. నేను చదివాను కానీ వంట అయ్యాక చదివాను.

బాపు వార్డులో పనిచేసే ఒక పాకిస్తానీ ఆయన మాకు అసలు షాపు చూపించాడు. రెండు బస్సులు మారి వెళ్లాలి. ఇంటి ముందుగదినే షాపుగా మార్చారు. లోపల అడుగు పెట్టగానే ఎండుమిర్చి ఘాటుకు అవ్వ తుమ్మింది, తుమ్మి నవ్వింది. కందిపప్పు లేదు, మసూరు పప్పు ఉంది. జొన్నలు లేవు. చింతపండు ఉంది. పొడుగు బియ్యం సంచుల్లో ఉన్నాయి.

"భాయ్‌సాబ్, చావల్ హోనా," అంది అవ్వ.

బియ్యం కావాలనడానికి ఆమె వాడిన ఆ 'హోనా'కు షాపాయన నవ్వాపుకుంటూ, "బెహెన్, మీరు హైదరాబాద్ వాళ్లా?" అని ఉర్దూలో అడిగాడు. నైజాం పోయింది, ఉర్దూ బడులు పోయాయి, ఇక ఈ భాషతో పనేముందని మా తాత అన్నాడు. ఆ భాషే బర్మింగ్‌హామ్‌లో మాకు నాలుగు వేళ్లు నోట్లోకి పోయేట్టు చేసింది. అవ్వ బేరం కూడా ఆడింది. షాపాయన ధర తగ్గించలేదు కానీ గుప్పెడు పచ్చిమిర్చి ఊరికే ఇచ్చాడు.

ఆ రోజు నుంచి డబ్బాలో మళ్లీ పిడికెడు పడడం మొదలైంది.

చర్చి వెతుక్కోవడం కష్టం కాలేదు. కష్టమంతా లోపలికి వెళ్లాకే. అవ్వ అలవాటు ప్రకారం గుమ్మం దగ్గర చెప్పులు విడిచింది. ఆడవాళ్ల వైపు ఎటో అని చూసింది. ఆడా మగా అందరూ కలిసి బల్లల మీద కూర్చుని ఉన్నారు. ఇక చేసేదిలేక చివరి బల్ల మీద కొంగు తలమీదికి లాక్కుని కూర్చుంది. కాసేపటికి ఒక ముసలాయన ఆమె చెప్పులను రెండు చేతుల్లో పట్టుకుని, మరిచిపోయారేమోనని, అందరి మధ్యలోంచి తెచ్చి కాళ్ల దగ్గర పెట్టి వెళ్లాడు. దేవుని మందిరంలో తన చెప్పులు చూసి అవ్వ కళ్లు మూసుకుంది. ప్రార్థన అనుకుని అందరూ మెచ్చుకున్నట్టు చూశారు.

పాట మొదలయ్యాక మాత్రం ఆమె ముఖం విప్పారింది. రాగం మాదే. ఆమె తెలుగు మాటలు గొంతెత్తి పాడింది. నేను సిగ్గుతో పుస్తకంలోకి తలదూర్చాను.

తర్వాత కానుక పళ్లెం వచ్చింది. అడుగున ముదురెరుపు గుడ్డ పరిచిన చెక్క పళ్లెం. అందులో నాణేలు, చిన్న చిన్న కవర్లు. పళ్లెం మా దగ్గరికి రాగానే అవ్వ మూట విప్పి బియ్యమంతా అందులో పోసింది. నాణేలు కనబడకుండా పోయాయి. కొన్ని గింజలు నేలమీద పడి చప్పుడు చేశాయి. పళ్లెం పట్టుకున్న ఆయన కదలలేదు. ఆయన ముందుకు పోవాలో వెనక్కి పోవాలో ఎవరైనా చెబితే బాగుండునని నాకనిపించింది. బాపు ఆ రోజు డ్యూటీలో ఉన్నాడు. ఇంగ్లీషు పుస్తకాలు ఎన్నో చదివిన నేను వంగి కింద పడ్డ గింజలు ఏరడం మొదలుపెట్టాను.

మర్నాటి సాయంత్రం బాపు వెళ్లి అది మా ఊరి అలవాటని చెప్పి వచ్చాడు. వాళ్లకు అర్థమైందట. ఏం అర్థమైందో తర్వాతి ఆదివారం తెలిసింది. చర్చి స్త్రీల సమాజం పెద్దామె, తెల్లజుట్టు, ఎప్పుడూ చేతిసంచీతో ఉంటుంది, మా ఇంటికి వచ్చింది. ఒక గిన్నెలో పాలు, చక్కెర వేసి వండిన మా బియ్యం తెచ్చింది. వెంట ఒక అట్టపెట్టె: ఊలు కోట్లు, మేజోళ్లు, డబ్బాల్లో చిక్కుడుగింజలు. పైసలు వేయలేక తిండిగింజలు వేశామని వాళ్లు అనుకున్నారు.

ఆమె వెళ్లాక అవ్వ ఆ గిన్నె ముట్టలేదు.

"దేవునికిచ్చింది మళ్ల మనకే పెడతరా? ఇచ్చినోళ్లకు ఎవరన్న దానం చేస్తరా? చెప్పు!"

"గాళ్లకు తెల్వదు, పోనీ," అన్నాడు బాపు.

"నేను పుట్టి బుద్ధెరిగినంక ఒకరి ముందట చెయ్యి చాపలే. గీ దేశమొచ్చి బీదదాన్నయిన!"

తమ్ముడు మాత్రం గిన్నె అంతా ఖాళీ చేశాడు. వాడికి దేవుడితో అంత పట్టింపు లేదు.

అవ్వ మానలేదు. ప్రతి ఆదివారం మూట పట్టుకుని వెళ్లేది. పళ్లెం ఆయన మా బల్ల దగ్గరికి రాగానే పళ్లాన్ని కొంచెం అవతలికి వంచి పట్టుకునేవాడు. చివరికి ఒక ఆదివారం ఆరాధనకు ముందే గుమ్మం దగ్గర పాస్టరుగారు అవ్వ రెండు చేతులూ పట్టుకుని, ఎంతో ప్రేమగా, "ముందు పిల్లలకు పెట్టండమ్మా" అన్నారు. ఆయన వెనక గోడమీద ఆకలితో ఉన్న ఇండియా పిల్లవాడి బొమ్మ, కింద చందాల డబ్బా ఉన్నాయి. అవ్వ బొమ్మను చూసింది, పాస్టరును చూసింది. మూటను చంకలో పెట్టుకుని బయటికి నడిచింది.

ఆ ఆదివారమే మధ్యాహ్నం తెలుగువాళ్ల ఉగాది. బాపు ఆస్పత్రిలోని ఒక తెలుగు డాక్టరు ఇంట్లో. పండుగ వారం మధ్యలో వెళ్లిపోయింది, సెలవు ఆదివారమే కాబట్టి ఉగాది కూడా ఆదివారానికే వచ్చింది. మేం చర్చి నుంచి నేరుగా అక్కడికి వెళ్లాం, మూటతో సహా.

అందరూ గుంటూరు, కృష్ణా జిల్లాల వాళ్లు. డాక్టరు భార్య తలుపు తీసి నవ్వింది.

"రండి రండి. మీదే ఊరండీ?"

"కరీంనగర్ దిక్కు, మెట్‌పల్లి," అంది అవ్వ.

"ఓహో, నైజాం వాళ్లా! మీ తెలుగు భలే ముచ్చటగా ఉంటుందండీ, సగం సాయిబుల మాటలు."

షాపాయనకు నచ్చింది కూడా ఆ సగమే. అవ్వ మూల కుర్చీలో మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గోడకు పెట్టిన వేంకటేశ్వరుడి పటాన్ని తమ్ముడు వింతగా చూస్తుంటే వాడి తల ఇటు తిప్పింది.

ఇంతలో వంటింట్లో కేక. పాకిస్తానీ షాపాయన తన పండుగకని షాపు మూశాడట. డాక్టరుగారు వీధి చివరి షాపులోంచి పొట్లాలు మోసుకొచ్చాడు. పులిహోర కోసం వండిన అన్నం గిన్నెకు అంటుకుని ఊడి రావడంలేదు.

"ఆపరేషన్లు చేస్తారు, బియ్యం చూసి కొనలేరు!" అంటోంది డాక్టరు భార్య.

అవ్వ లేచి వంటింటి గుమ్మంలో నిలబడింది. "నా దగ్గర పొడుగు బియ్యమున్నయి," అంది.

అందరూ మూట చుట్టూ చేరారు. ఎక్కడివని అడిగితే అవ్వ ఉన్నదున్నట్టు చెప్పింది. ఒక ఇంజనీరు భార్య వెనక్కి తగ్గి, "మీ చర్చి బియ్యం మేం తినొచ్చాండీ?" అంది.

"పైసలిచ్చి కొన్నంక మీ బియ్యమే. కని ఊరికె ఇయ్యరాదు. మా దిక్కు వేలం పాడుతరు."

"వేలమా!" అని డాక్టరు భార్య చేతులు చరిచింది. "అయితే నా వంటింట్లో బియ్యం నాకే. ఒక షిల్లింగు!"

"అదేంటండీ, పులిహోర కలిపేది నేనైతేనూ? రెండు!" అంది ఇంజనీరు భార్య. ఆమెకిప్పుడు చర్చి సంగతి గుర్తులేదు.

"ఒకటోసారి!" అంది అవ్వ. ఆ గొంతు విని నేను ఉలిక్కిపడ్డాను. మెట్‌పల్లి చర్చి వాకిట్లో కోడిని పట్టుకుని పెద్దమనిషి అరిచే గొంతది. మగవాళ్లు పేకముక్కలు వదిలి వచ్చారు. డాక్టరుగారు తప్పు చేసినవాడిలా మెల్లగా చెయ్యెత్తి భార్య కంటే పెద్ద పాట పాడాడు.

"మీరు నాకు ఎదురు పాడతారేంటండీ!" అని ఆమె మొత్తుకుంటుండగానే అవ్వ మూడోసారి అనేసింది.

అన్నం పొడిపొడిగా వచ్చింది. మేం పులిహోర తిన్నాం. ఉగాది పచ్చడి దగ్గర అవ్వ కాస్త తటపటాయించి, వేపపువ్వు లేదు కదా, ఇది ఉత్త చింతపండు పులుసే అని తేల్చుకుని తాగింది.

ఆ తర్వాతి ఆదివారం ఆమె చేతిలో మూట లేదు. పళ్లెం ఆయన దూరం నుంచే జాగ్రత్త పడుతూ వచ్చాడు. అవ్వ కొంగుముడి విప్పి వేలంలో వచ్చిన నాణేలు వేసింది. ఆయన పళ్లాన్ని చూసి, అందరికీ ఊపినట్టే ఆమెకూ తల ఊపి ముందుకు పోయాడు. అంతే.

"గంతేనా?" అంది అవ్వ నా చెవిలో. "గింత కష్టపడ్డ, ఒక్కసారన్న మంచిగ సూడలే."

ఆరాధన అయ్యాక తెల్లజుట్టామె వచ్చి, మీ కుటుంబం కుదురుకున్నందుకు సంతోషమంది. తమ సాయం వృథా కాలేదంది. ఊలు కోట్ల వల్లనే మేం నిలదొక్కుకున్నామని ఆమె నమ్మకం. నేను అవ్వకు ఆ ముక్క చెప్పలేదు. మా వెనక వీధిలోకి జమైకా నుంచి కొత్తగా ఒక కుటుంబం వచ్చిందనీ, మాకు తెచ్చినట్టే వాళ్లకూ ఒక పెట్టె సర్దడానికి బుధవారం అవ్వ రాగలదా అనీ అడిగింది. అది చెప్పాను.

"నేనా? ఇచ్చేటోళ్లల్లనా?" అవ్వ రెండుసార్లు అడిగింది. తర్వాత కొంగు సర్దుకుని, "వస్తనని చెప్పు. కని పెట్టె కట్టకముందే గా ఇంటికి పోయి, వాళ్లేం తింటరో అడుగుమను," అంది.

నాకున్న ఇంగ్లీషంతా కూడగట్టుకుని ఆ మాట చెప్పాను. తెల్లజుట్టామె చేతిసంచీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, ఆ సంగతి తామెవరినీ ఎన్నడూ అడగలేదని ఒప్పుకుంది.