పదిహేడో ప్రశ్నకు లిడియా గారి జవాబు

పరీక్ష జవాబుల కీ తప్పు. కళాశాల ఆ తప్పును దిద్దుకుంది. తప్పని నిరూపించిన అధ్యాపకురాలిని మాత్రం ఉద్యోగం నుంచి తొలగించింది.

ఆమె పేరు లిడియా. మిరప కోతలకు వెళ్లే తల్లి కష్టంతో ఎమ్మెస్సీ చదివి, గుంటూరు శివారులోని ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో తొమ్మిదేళ్లు కాంట్రాక్టు మీద రసాయన శాస్త్రం బోధించింది. నా మనవరాలు తేజశ్రీ ఆమె విద్యార్థిని. ఈ గొడవ మొదలైన వారాంతపు పరీక్ష ప్రశ్నపత్రం, మొదటి కీ, రెండో కీ, లిడియా గారికి ఇచ్చిన మెమో నకలు, ఈ నాలుగూ నా ఫైలులో ఉన్నాయి. రసాయన శాస్త్రమే బోధించి రిటైరైనవాణ్ణి కనుక, వాటిని చదవడం నాకు వచ్చు.

పరీక్ష సమతాస్థితి మీద. అమ్మోనియా తయారీలో పీడనం పెంచితే ఏమవుతుంది, స్థిర ఘనపరిమాణంలో ఆర్గాన్ కలిపితే ఏమవుతుంది వంటి ప్రశ్నలకు కీ సరిగానే ఉంది. పదిహేడోది ఇది: ఫెర్రిక్, థయోసయనేట్ అయాన్లు కలిసి ఎర్రటి సంయుక్త అయాన్‌ను ఇచ్చే చర్య సమతాస్థితిలో ఉంది. ద్రావణానికి నీళ్లు కలిపితే సమతాస్థితి ఎటు జరుగుతుంది? కీలో జవాబు: మార్పు లేదు. కారణం ఒక అడ్డదారి సూత్రం. నీరు సమీకరణంలో కనిపించదు కనుక దానికి ప్రభావం లేదట. తేజశ్రీతో పాటు 'తిరోగామి దిశలో', అంటే ఎర్రటి అయాన్ విడిపోయే వైపుకు, అని గుర్తుపెట్టిన పిల్లలందరికీ మార్కు పోయింది. ఆ మార్కులతోనే సెక్షన్లు మారతాయి.

తర్వాత జరిగింది తేజశ్రీ చెప్పగా విన్నాను. పిల్లలు అడిగారు. లిడియా గారు కీ తప్పని నోటితో చెప్పి ఊరుకోలేదు. ఒకే వెడల్పున్న నాలుగు బీకర్లు తెల్ల కాగితం మీద పెట్టింది. రెండింటిలో సమతాస్థితి ఊసే లేని ఊదారంగు పర్మాంగనేట్ ద్రావణం, రెండింటిలో ఆ ఎర్రటి ద్రావణం, అన్నింటిలో ఒకే కొలత. ఒక్కో జతలో ఒకదానికి అంతే పరిమాణం నీళ్లు కలిపింది.

"పక్క నుంచి కాదు, పైనుంచి చూడండి."

"పర్మాంగనేట్ రెండూ ఒక్కలాగే ఉన్నాయండీ," అంది తేజశ్రీ.

"ఎందుకలా ఉన్నాయి?"

"పలచనైనా లోతు పెరిగింది కదండీ. రంగు పదార్థం మొత్తం అంతే ఉంది."

"మరి ఎరుపు?"

"నీళ్లు పోసింది వెలిసిపోయింది మేడమ్! అంటే అందులో ఎరుపే తగ్గిపోయింది!"

అప్పుడు ఆమె బోర్డు మీద లెక్క కట్టింది. ఘనపరిమాణం రెట్టింపైతే ప్రతి గాఢతా సగమవుతుంది. ఎర్రటి అయాన్ గాఢత పైన, మిగతా రెండు అయాన్ల గాఢతల లబ్ధం కింద ఉండే నిష్పత్తిలో పైన ఒక్క సగం, కింద రెండు సగాలు గుణిస్తే పావు. అంటే ఆ నిష్పత్తి స్థిరాంకానికి రెట్టింపవుతుంది. ఉష్ణోగ్రత మారలేదు కనుక స్థిరాంకం మారదు. మారాల్సింది అయాన్లే. కాబట్టి ఎర్రటి అయాన్ కొంత విడిపోయి, నిష్పత్తి పాత విలువకు దిగి వస్తుంది.

నలభై ఏళ్లు బోధించాను. ముందు పర్మాంగనేట్‌తో సరిపోల్చి, ఆ తర్వాత ఎరుపును చూపాలన్న ఆలోచన నాకు ఏనాడూ తట్టలేదు. ఆ పద్ధతికి నేను తలవంచుతున్నాను.

అకడమిక్ డీన్ త్రినాథ్ గారు గుమ్మంలో నిలబడి ఇదంతా చూశారు.

"అమ్మా లిడియా, పరీక్షలో నీళ్లు పోయరమ్మా, బబుల్ నింపుతారు," అన్నారు. పిల్లలు నవ్వారు.

"నిజమైన జవాబుకే నింపాలి కదండీ," అందామె.

నవ్వు ఆగిపోయింది.

"కీ తయారు చేసింది ఎవరనుకుంటున్నావు?"

"ఎవరైనా సరే, ఒక్కసారి పైనుంచి చూడండి సార్."

ఆయన చూడలేదు. మరునాడు మెమో వచ్చింది: 'అనుమతి లేని ప్రయోగం, కీని కించపరచడం.' నాలుగో రోజున కాంట్రాక్టు రద్దు. ఆరో రోజున నోటీసు బోర్డు మీద కొత్త కీ వెలిసింది: పదిహేడో ప్రశ్న, తిరోగామి దిశ. పిల్లల మార్కులు సరిచేశారు. లిడియా గారి పేరు ఎక్కడా లేదు.

నల్లపాడు స్టేషను వెనుక ఆమె ఇంటికి వెళ్లాను. నేను కూర్చోకముందే అడిగింది: "పిల్లల సెక్షన్లు సరిచేశారా మాస్టారూ?"

సరిచేశారన్నాను.

"అయితే ఆ పని అయినట్టే," అంది. అంతటితో ఆగకుండా, అడగకుండానే మెమో నకలు నా చేతిలో పెట్టింది. "నా పని మాత్రం మిగిలిందండీ. ప్రాక్టికల్స్ ఇంకా మూడు వారాలే. అవి ఎవరు చేయిస్తారో తెలియదు."

కళాశాల యాజమాన్యం వారిని అడుగుతున్నాను. మీ రెండో కీయే మీరిచ్చిన మెమోకు ఖండన. ఆ మెమోను రాతపూర్వకంగా రద్దు చేయండి. కీని సరిచేసింది లిడియా గారేనని అదే నోటీసు బోర్డు మీద ప్రకటించండి. ప్రాక్టికల్స్ మొదలయ్యేలోపు ఆమెను ఆమె ప్రయోగశాలకు తిరిగి పిలవండి.