గడియ ఎవరు తీశారు

మదనపల్లె కిరాణా కొట్లలో లాభం లెక్కలు చూస్తూ పెరిగి కూడా, పుటకింత అని కూలి తీసుకునే అర్జీలను పొట్టి వాక్యాల్లో రాయాలని తీర్మానించుకున్న మొనగాణ్ణి నేను. రెండు పుటల సరుకును ఒక్క పుటలో సర్దేవాణ్ణి.

పందొమ్మిది వందల నలభైలలో ఒక మధ్యాహ్నం, పుంగనూరు కచేరీ వసారాలో కుప్పం వైపు నుంచి వచ్చిన ఒక వితంతువు నా ముందు కూర్చుంది. భర్త బావిలో పడి చనిపోయాడట. విచారణ అక్కర్లేదని అర్జీ రాయమంది. అదే ఇంట్లో ఉండే మరిది స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "మా ఆయన లేసి, లాంతరు పట్టుకొని, గడియ తీసి, బాయికాడికి పోయి, కాలు జారి పడినాడప్పా."

నేను దాన్ని ముక్కలు చేశాను. ఒక్కో పనికి ఒక వాక్యం, ప్రతి వాక్యానికీ ఒక మనిషి. ఆమెకు చదివి వినిపించాను.

"ఆయన లేచాడు. ఆయన లాంతరు పట్టుకున్నాడు."

"లాంతరు గూట్లోనే వెలుగుతాండిందప్పా."

"ఆయన గడియ తీశాడు."

ఆమె ముఖం పాలిపోయింది. "గడియ సప్పుడైనప్పుడు ఆయన నా పక్కనే పండుకోనుండాడు."

మరిది ఆ పొడుగు వాక్యాన్నే ఒక్క మాట తేడా లేకుండా, ఆమెకు నేర్పింది తనే అన్నట్టు వల్లించాడు. "అట్లనే రాయప్పా" అన్నాడు.

నేను కలం పక్కన పెట్టి ఆమె వైపు తిరిగాను.

"ఎట్లా రాయమంటావమ్మా?"

"సిన్నసిన్నగానే రాయి. విచారణ కావాలని రాయి."

వేలిముద్ర వేసింది. ఒక్క పుట కూలే తీసుకున్నాను, రెండో పుట కూలి పోయింది. గడియ తీసినవాడి పేరు మాత్రం ఆమె చెప్పలేదు, ఆ పుటలో నేను రాయలేకపోయాను.