శ్యామలాంబ రాసిన వడ్డీ ఉత్తరం

నేను ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను. వడ్డీ లెక్కలు నేర్పడంలో నన్ను మించినవాడు లేడని కొంచెం గర్వం కూడా ఉండేది. ఆ గర్వం 2001 అక్టోబరులో శ్యామలాంబ దగ్గర దిగిపోయింది.

శ్యామలాంబది ధవళేశ్వరం. ఇంటి ముందుగదిలో కంప్యూటరు పెట్టుకుని, రాజమండ్రి ప్రచురణకర్తలకు పుస్తకాలు కంపోజ్ చేసి ఇచ్చేది. జీతం లేదు, యజమాని లేడు, పేజీకి ఇంతని కూలి. రిటైరయ్యాక నేను ఆమెకు ప్రూఫులు దిద్దేవాణ్ణి. భిన్నాలూ, వర్గమూలాలూ ఆమె చేతిలో వరసలు కట్టి నిలబడేవి. తప్పు దొరకక నాకు ఒళ్లు మండేది.

ఆ ఏడు, వాళ్లలో ఒకరైన సూర్యప్రకాశంగారి లెక్కల గైడ్లు ఆరువందల పేజీలు చేసింది. ఆయన గైడ్లు బడులు తెరవకముందే అమ్ముడుపోతాయి. డబ్బు మాత్రం "సీజను లెక్కలు తేలాక చూద్దాం" అంటాడు. అందరికీ అంతే, అందరూ ఊరుకుంటారు. శ్యామలాంబ మాత్రం పని మొదలుపెట్టకముందే ఒక కాగితం రాసి ఆయనచేత సంతకం పెట్టించింది. బిల్లు ఇచ్చిన ముప్పై రోజుల్లో డబ్బు ఇవ్వాలి, దాటితే నెలకు నూటికి రూపాయిన్నర వడ్డీ. ఆయన చదవకుండానే సంతకం పెట్టి ఉంటాడు.

అక్టోబరు తొమ్మిదిన ఉత్తరం రాసి నాకు చూపించింది.

"సూర్యప్రకాశం గారికి నమస్కారం.
600 పేజీలు, పేజీకి రూ. 40 చొప్పున జూన్ 1 నాటి బిల్లు: రూ. 24,000. గడువు జూలై 1తో తీరింది.
జూలై 2 నుంచి ఆగస్టు 10 వరకు 40 రోజులు, రూ. 24,000 మీద రోజుకు రూ. 12 చొప్పున: రూ. 480.
ఆగస్టు 10న మీరిచ్చిన రూ. 9,000 అసలులో తీసేశాను. మిగిలిన అసలు రూ. 15,000.
ఆగస్టు 11 నుంచి ఈ రోజు వరకు 60 రోజులు, రోజుకు రూ. 7.50 చొప్పున: రూ. 450.
ఈ రోజుకు రావలసినది రూ. 15,930. రేపటి నుంచి రోజుకు రూ. 7.50 కలుస్తుంది. వడ్డీ మీద వడ్డీ వేయలేదు. మన ఒప్పందం నకలు జతచేశాను."

లెక్క సరిగ్గా ఉంది. నాకే భయమేసింది. ఆమె సంపాదనలో సగానికి పైగా ఆయన పనే.

"వడ్డీ వదిలేసి అసలు అడగమ్మా. ఆయనకి కోపమొస్తే వచ్చే ఏటి పని ఇంకొకరికి పోద్ది" అన్నాను.

"పోతే పోద్దండి మాస్టారూ. సంతకం పెట్టింది నేనొక్కదాన్నే కాదు కదండీ" అంది. అన్నదేగాని, కవరు అంటించేముందు ఉత్తరం ఇంకోసారి చదువుకుంది.

పదకొండో తేదీన ఆయన కబురుపెట్టాడు. తోడుకి నన్నూ రమ్మంది. ఇద్దరం ఆటోలో రాజమండ్రి వెళ్లాం.

సూర్యప్రకాశంగారికి ప్రామిసరీ నోట్ల మీద అప్పులిచ్చే వ్యాపారం కూడా ఉంది. ఉత్తరం మీద ఎర్ర పెన్సిలుతో ఒకచోట గీత గీసి ఉంచాడు.

"ఇక్కడ తప్పు చేశావు శ్యామలా. తొమ్మిదివేలిస్తే ముందు వడ్డీకి జమ వెయ్యాలి, తర్వాతే అసలుకి. నా నోట్లన్నిటికీ అంతే. ఇలా వేసి పద్నాలుగు రూపాయల నలభై పైసలు పోగొట్టుకున్నావు" అని నవ్వాడు.

శ్యామలాంబ నవ్వలేదు. "తెలుసండి. అప్పుకైతే అలాగే వేస్తారండి. నేను మీకు అప్పివ్వలేదు కదండీ. నా కష్టం మీ దగ్గర ఉండిపోయింది. ముందు అదెంత తగ్గితే అంత చాలనుకున్నానండి."

ఆయన నవ్వు ఆగిపోయింది. ఎర్ర పెన్సిలు పక్కన పెట్టేశాడు. తర్వాత గుమస్తాని పిలిచి, రెండు రోజుల పదిహేను కూడా కలిపి, పదిహేను వేల తొమ్మిదివందల నలభై అయిదు లెక్కపెట్టించాడు. మేం లేస్తుంటే, "కంపోజుకి ఆ సైన్సు గైడు కాపీ ఎప్పుడు తీసుకెళ్తావు?" అన్నాడు.

"ఒప్పందం కాగితం తెస్తానండి. ఈసారి చదివి సంతకం పెట్టండి" అంది శ్యామలాంబ. ఆమెకి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది నాకు.

మెట్లు దిగాక ఆమె సంచిలోంచి నోట్లు తీసి నా చేతిలో పెట్టింది. ప్రూఫులకి నాకు రావలసింది మూడువేలు. లెక్కపెడితే మూడువేల నూట యాభై మూడున్నాయి.

"ఎక్కువిచ్చావమ్మా."

"నూటరెండు రోజులండి, రోజుకి రూపాయిన్నర. మీకిస్తానన్న గడువు కూడా జూలై ఒకటే కదండీ."

"నేను వడ్డీ అడగలేదు కదమ్మా!"

"మీరు అడగరని తెలుసండి. అందుకే నేను లెక్కేశాను" అంది.