కంటె తియ్యని ముప్పావు గంట

ఆ సీజన్ మొదటి పదహారు వారాల్లో మా దగ్గర నుంచి పోయినవి: రోజూ నాకు అరగంట, నా పక్కన కూర్చుని కాఫీ గింజలు ఏరే పిన్నికి ముప్పావు గంట. ఆమె నాకు చుట్టం కాదు, ఊరి వరసన పిన్ని.

చింతపల్లి దారిలో ఉన్న గింజల యూనిట్‌లో షిఫ్టు ఎనిమిది గంటలు, వారానికి ఆరు రోజులు. హాజరు లెక్కించే వేలిముద్ర మిషను ఏరుడు హాల్లో ఉండేది. దానికి ముందు గేటు దగ్గర తనిఖీ, లోపల గదిలో కోటు, టోపీ. సాయంత్రం మళ్ళీ వేలు పెట్టాక బట్టలు మార్చుకోవాలి, గింజలు దాచలేదని చూపించుకోవాలి.

పిన్ని మెడలో ఇత్తడి కంటె, మెడకు బిగిసిన కడియం లాంటిది, ఉంది. పెళ్ళినాడు వేసినది, ఇక ఊడదు. లోహాన్ని పసిగట్టే సెక్యూరిటీ చేతికర్ర తగలగానే కుయ్యిమనేది. రోజూ ఆమెను తెర చాటుకు పిలిచి విడిగా వెతికేవారు. చివరికి మేనేజరు, కంటె కోయించుకుని రమ్మన్నాడు, లేకపోతే వచ్చే వారం నుంచి రావద్దన్నాడు.

అదే వారం కార్మిక శాఖ అధికారి తనిఖీకి వచ్చారు. మేనేజరు పక్కనే ఉన్నాడు. నేను అడిగాను.

"సార్, బట్టలు మార్సుకున్న టైము, ఎతికించుకున్న టైము పనిలోకి వత్తాదా?"

"ఈ కోటు ఇంటి దగ్గరే వేసుకుని రావచ్చా?" అని ఆయన తిరిగి నన్ను అడిగారు.

"రానివ్వరు సార్. దుమ్మంట."

"తనిఖీ లేకుండా బయటికి పోవచ్చా?"

"పిన్నయితే ఆ కంటె పుణ్యాన ఇంటికి పోడానికే దారి లేదు," అన్నాను. అందరూ నవ్వారు.

"నవ్వండి, నా మెడ గంట కొడతంది గదా," అంది పిన్ని.

అధికారి నా ప్రశ్నకు జవాబు చెప్పారు. "ఈ మాట చట్టంలో అచ్చంగా ఇలాగే రాసి లేదు. కానీ వాళ్ళ నియమం కోసం, వాళ్ళ ఆవరణలో, వాళ్ళ చెప్పుచేతల్లో గడిపిన సమయం ఇది. నా ఉద్దేశంలో పని సమయమే. వారానికి నలభై ఎనిమిది గంటలు ఎలాగూ నిండిపోయాయి కాబట్టి, మిగిలింది ఓవర్‌టైం. రెట్టింపు కూలి."

"మరి పిన్ని కంటె కోయించుకోవాలాండి?" అన్నాను.

"ఎందుకు? వెతికే సమయం యాజమాన్యానిదైతే, అది తగ్గించుకునే బాధ్యతా వాళ్ళదే," అని మేనేజరు వైపు చూశారు.

మర్నాడే కాకపోయినా, పది రోజుల్లో వేలిముద్ర మిషను గేటు బయటికి వచ్చింది. ఇప్పుడు పొద్దున వేలు పెట్టాకే తనిఖీ, సాయంత్రం తనిఖీ అయ్యాకే వేలు. అదేం చిత్రమో, పిన్నిని వెతకడం రెండు నిమిషాల్లో అయిపోతోంది. "ఏటమ్మా, బేగి తేల్చేత్తన్నావు?" అని పిన్ని సెక్యూరిటీ అమ్మాయిని ఆటపట్టిస్తుంది. కంటె మెడలోనే ఉంది.

అంతకుముందు గడిచిన పదహారు వారాల బాకీ మాత్రం యూనిట్ ఒప్పుకోలేదు. అధికారి చెప్పినట్టు అర్జీ పెట్టాం, ఇంకా విచారణలో ఉంది. పిన్ని అడిగినప్పుడల్లా నేను లెక్క మళ్ళీ మొదటి నుంచి చేసి చెబుతాను. తొంభై ఆరు రోజులకు నాకు నలభై ఎనిమిది గంటలు, ఆమెకు డెబ్బై రెండు. రెట్టింపు కూలి లెక్కన పిన్నికి ఈ రోజుకీ రావలసింది నూట నలభై నాలుగు గంటల జీతం.