కోయని మాట

ఝాన్సీలక్ష్మి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైంది. ఏ.ఎస్. రావు నగర్‌లో సొంతిల్లు. కాలనీ ఫేస్‌బుక్ పేజీలో అభిప్రాయాలు రాస్తుంది. కాలనీ సంఘం సెక్రటరీ విష్ణువర్ధన్ అంటే ఆమెకు పగ.

నిరుడు ఆమె రాసింది: "పార్కుకు తాళం వేయడం తప్పు కాదు, పిల్లలు ఆడుకునే వేళ మాత్రం వేయకూడదు." అతను రెండో సగం కోసేసి, మొదటి సగమే కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. తల్లులు ఆమెతో మాటలు మానేశారు.

ఇప్పుడు అతను గేటు పక్క ఇడ్లీ బండి తీయించాలంటున్నాడు. ఆదివారం ఓటింగు. బండి లచ్చమ్మది. ఆమె ఝాన్సీలక్ష్మి ఇంటికొచ్చింది.

"నేనేడ పోవాలమ్మా? జెర గట్టిగ రాయి. ఆయన ఇజ్జత్ తియ్యి."

"తీస్తాను."

రాసింది. కోపంతో రాసింది. చదువుకుంది. అతన్ని ముందే తిట్టుకునేవాళ్లు చప్పట్లు కొడతారు. మిగతావాళ్లు అతని వైపు వెళ్తారు. బండి ఎందుకు వద్దంటున్నాడో ఒక్క వాక్యం కూడా లేదు.

మొత్తం చెరిపేసి అతనికి ఫోన్ చేసింది.

"మీ వాదన మీ నోటితోనే వింటాను, చెప్పండి."

"ఏంటి మేడమ్, కొత్త ఎత్తా?"

"వినకుండా రాయడం నాకు చేతకాదు. మీకు చేతనవును."

విష్ణువర్ధన్ చెప్పాడు. వాళ్ల నాన్నకు గుండెపోటు వచ్చిన రోజు బండి అడ్డుండడం వల్ల అంబులెన్స్ గేటు దగ్గర ఆగిపోయింది. "దారి ఖాళీగా ఉంటే నాకేం అభ్యంతరం? లచ్చమ్మ మీద నాకు పగ లేదు."

అతని మాటనే పోస్టులో ముందు పెట్టింది. ఆ భయం న్యాయమైనదని రాసింది. ఆ తర్వాత తన మాట: బండి అవతలి గోడవారకు జరిగితే దారీ ఉంటుంది, బతుకూ ఉంటుంది.

పక్కింటి శ్రీలలిత తొంగి చూసి నవ్వింది. "ఆ రోజు అడ్డంగా ఉన్నది ఆయన కారేనటండీ. అది పెట్టండి, చచ్చూరుకుంటాడు."

"నువ్వు చూశావా?"

"విన్నాను."

"అయితే రాయను."

పేజీలో పెట్టేముందు అతనికి పంపింది. మీ మాట సరిగ్గా ఉందా అని అడిగింది. ఉంది అని జవాబు.

ఆదివారం కమ్యూనిటీ హాల్లో, ఆ పోస్టు చదివిన కాలనీవాసి భద్రయ్య లేచాడు. "సెక్రటరీ సాబ్, దారి ఖాళీగా ఉంటే అభ్యంతరం లేదని మీరే అన్నరు గద. గోడకాడికి జరుపుదం. ఇంక ఓటింగు ఎందుకు?"

విష్ణువర్ధన్ ఫోన్‌లో పోస్టు తెరిచాడు. మాట తనదే. సరిగ్గా ఉందని జవాబు రాసిందీ తనే. అబద్ధమనడానికి లేదు, సగమే పెట్టారనడానికీ లేదు.

"జరపండి," అన్నాడు.

బయట ఆమె పక్కన ఆగాడు. "పగ తీరిందా మేడమ్?"

"మీ మాట ఒక్క ముక్క కూడా కొయ్యలేదు, విష్ణువర్ధన్ గారూ."

అతను తల దించుకుని వెళ్లాడు. ఆమె అతను మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత, లచ్చమ్మ అప్పటికే బండి జరుపుకున్న అవతలి గోడవైపు నడిచింది, ఇడ్లీ తినడానికి.